సప్లీ వారంలో నాలుగు పేపర్లు: ఏ సబ్జెక్టు పాత పేపర్ని మొత్తంగా రాయాలి, దేన్ని ముక్కలు చేసి రాయాలి

మా అక్క కొడుకు కావలిలో ఉంటాడు, ఇంటర్ ఎంపీసీ. 2025 మార్చిలో సెకండియర్ లాంగ్వేజ్ పేపర్లు రెండూ రాశాడో లేదో, వాడికి అమ్మవారు పోసింది. మ్యాథ్స్ 2ఎ, 2బి, ఫిజిక్స్, కెమిస్ట్రీ నాలుగూ అలాగే ఉండిపోయాయి. మార్చి పరీక్షల్లో ఒక రోజు ఫస్టియర్‌కి, ఇంకో రోజు సెకండియర్‌కి పెడతారు కాబట్టి పేపర్‌కీ పేపర్‌కీ మధ్య కనీసం ఒక రోజన్నా దొరుకుతుంది. మే నెల సప్లీలో ఆ సుఖం లేదు. పొద్దున తొమ్మిదికి ఫస్టియర్, మధ్యాహ్నం రెండున్నరకి సెకండియర్, రెండూ ఒకే రోజు నడిచిపోతాయి. ఆ ఏడాది మే 12న మొదలయ్యాయి. లాంగ్వేజీలకు మొదటి రెండు రోజులు పోతే ఆ వెంటనే 2ఎ, 2బి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, వరసగా నాలుగు రోజులు, మధ్యలో ఊపిరి పీల్చుకోను లేదు.

నేను నెల్లూరులో ఇంట్లోనే ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటా. అందుకని 5వ తేదీ పొద్దున్నే వాడు బ్యాగు, ట్రంక్ రోడ్డులో కొన్న పాత పేపర్ల కట్ట, మా అక్క పంపిన ఉలవపాడు బంగినపల్లి పండ్ల సంచీతో దిగాడు. చేతిలో ఎనిమిది రోజులున్నాయి. మొదటి రెండు రోజులు నేను చేయించింది తప్పు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటా, ఎందుకంటే ఈ రాసేదంతా ఆ తప్పు నుంచి వచ్చిందే.

నాలుగు సబ్జెక్టుల పాత పేపర్లను కొద్ది రోజుల్లో తిప్పి తిప్పి రాయాలంటే పిల్లలు పట్టుకునే దారులు మూడు. ఒకటి, రెండేసి రోజులు ఒకే సబ్జెక్టు పట్టుకుని దాన్ని అవగొట్టి రెండోదానికి వెళ్ళడం. రెండు, రోజుకు రెండు ఫుల్ పేపర్లు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, హాస్టళ్ళలో ఎక్కువగా నడిచేది ఇదే. మూడు, ఒక సబ్జెక్టుకు ఫుల్ పేపర్, మిగతా వాటికి సెక్షన్లు మాత్రమే తీసుకుని రోజూ కలిపి నడపడం. నేను ఇప్పుడు ఎవరికైనా చెప్పేది మూడోదే, కాకపోతే ఏ సబ్జెక్టుకు ఫుల్ పేపర్, దేనికి ముక్కలు అన్నది మనకు తోచినట్టు కాకుండా పేపర్ లోపలి లెక్కను బట్టి తేల్చుకోవాలి.

ముందు ఆ లెక్క

మావాడు రాసిన పాత పద్ధతిలో 2ఎ, 2బి ఒక్కొక్కటి 75 మార్కులు, టైం మూడు గంటలు. ఎ సెక్షన్‌లో పది ప్రశ్నలు రెండేసి మార్కులు, చాయిస్ లేదు. బి సెక్షన్‌లో ఏడింటిలో ఐదు, నాలుగేసి మార్కులు. సి సెక్షన్‌లో ఏడింటిలో ఐదు, ఏడేసి మార్కులు. బాగా చేసే పిల్లవాడికి రెండు మార్కులదానికి నాలుగు నిమిషాలు, నాలుగు మార్కులదానికి పది, ఏడు మార్కులదానికి పదిహేను పడుతుందనుకోండి. నలభై, యాభై, డెబ్భై ఐదు, కూడితే 165 నిమిషాలు. మిగిలేది పావుగంట. అందులోనే ప్రశ్నలు చదువుకోవాలి, ఏవి వదలాలో చూసుకోవాలి, ఎక్కడైనా ఇరుక్కుంటే బయటపడాలి. అంటే లెక్కల పేపర్లో లెక్క రావడం ఒక పరీక్షయితే టైం ఇంకో పరీక్ష, ఆ రెండోది ఫుల్ పేపర్ కూర్చుని రాస్తే తప్ప అలవాటు కాదు.

ఆ పద్ధతిలోనే ఫిజిక్స్, కెమిస్ట్రీ 60 మార్కులు, అదే మూడు గంటలు. పది చిన్నవి రెండేసి, ఎనిమిదిలో ఆరు నాలుగేసి, మూడులో రెండు ఎనిమిదేసి. చిన్నవాటికి మూడు నిమిషాల చొప్పున అరగంట, నాలుగు మార్కులవాటికి పదేసి చొప్పున గంట, పెద్దవాటికి ఒక్కోదానికి ఇరవై ఐదు నిమిషాలు ఇచ్చినా మొత్తం రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇంకా నలభై నిమిషాలు చేతిలో ఉంటాయి. ఫిజిక్స్‌లో టైం చాలక మార్కులు పోయాయన్న పిల్లవాడిని నేనైతే చాలా తక్కువ చూశా. అక్కడ పోయేది గుర్తు లేక. డెరివేషన్ మూడో లైన్లో ఆగిపోవడం, బొమ్మలో భాగాల పేర్లు మర్చిపోవడం, ఇట్లాంటివి. గుర్తు కోసమైతే మూడు గంటలు ఏకబిగిన కూర్చోనక్కర్లేదు, అదే పేపర్ని మూడు చోట్ల విరిచి మూడు పూటల్లో రాసినా ఫలితం అంతే, పైగా నయం.

ఆ పాత పద్ధతిలో బైపీసీ వాళ్ళకి బోటనీ, జువాలజీ కూడా 60 మార్కులే కాబట్టి అన్నీ ఈ ఫిజిక్స్ లెక్కలోకే వస్తాయి. వాళ్ళ దాంట్లో బొమ్మల టైం కొంచెం ఎక్కువ, అంతే.

రోజుకు రెండు ఫుల్ పేపర్లు ఎందుకు చెడింది

మావాడికి మొదట నేను ఇచ్చింది ఇదే. 5న పొద్దున 2ఎ, మధ్యాహ్నం ఫిజిక్స్. 6న పొద్దున 2బి, మధ్యాహ్నం కెమిస్ట్రీ. చూడ్డానికి ఎంత చక్కగా ఉంది, నాలుగు సబ్జెక్టులు రెండు రోజుల్లో ఒక చుట్టు అయిపోతాయి, ఎనిమిది రోజుల్లో నాలుగు చుట్లు, పదహారు పేపర్లు. కాగితం మీద రాసి గోడకి అంటించాడు కూడా.

అందులో నేను మర్చిపోయింది దిద్దడం. మూడు గంటలు రాసిన పేపర్ని ఊరికే పక్కన పెడితే అది చేతికి వ్యాయామం, అంతకు మించి ఏమీ లేదు. ఏది తప్పు, ఎందుకు తప్పు, ఆ ఏడు మార్కులదానికి ఏ లైను దగ్గర దారి తప్పింది అని చూసి, తప్పయినవాటిని మళ్ళీ ఒకసారి రాయాలంటే తక్కువలో తక్కువ గంటంబావు, గంటన్నర. అంటే ఒక ఫుల్ పేపర్ ఖరీదు నాలుగున్నర గంటలు, రెండు పేపర్లకు తొమ్మిది. మేలో నెల్లూరు మేడ మీద గదిలో, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫ్యాను తిరిగితే వేడి గాలి, ఆగితే చెమట, జబ్బు నుంచి అప్పుడే లేచిన పిల్లవాడు తొమ్మిది గంటలు కూర్చోగలడా? కూర్చోలేక ఏం చేస్తాడంటే దిద్దడం మానేస్తాడు. మావాడూ అదే చేశాడు. "రేపు చూద్దాం మామా" అని కెమిస్ట్రీ పేపర్ మడిచి పెట్టాడు.

మార్కులు చూడండి. మొదటి రోజు 2ఎ 51, ఫిజిక్స్ 38. రెండో రోజు 2బి 47, కెమిస్ట్రీ 29, అది కూడా ఇరవై నిమిషాల ముందే లేచిపోయాడు. 7వ తేదీ పొద్దున ఇంకో ఏడాది 2ఎ ఇచ్చా, 43 వచ్చింది. రెండు రోజుల్లో ఎనిమిది మార్కులు తగ్గాయి. పిల్లవాడు బేజారు పడిపోయాడు, నాకేమీ రావట్లేదు అని మొదలెట్టాడు.

పేపర్ తీసుకుని ఎక్కడ పోయాయో లెక్కేశాను. ఎనిమిదిలో ఐదు ఎ సెక్షన్‌లోనే, మొదటి పేపర్లో 18 వచ్చినచోట ఇప్పుడు 13. మిగతా మూడు సి సెక్షన్‌లో ఒక్క ప్రశ్నలో. ఆ ప్రశ్న ఇది: 4x³ − 24x² + 23x + 18 = 0 సమీకరణం మూలాలు అంకశ్రేఢిలో ఉన్నాయి, సాధించండి. వాడికి ఇది కళ్ళు మూసుకుని వచ్చే లెక్క. మూడు మూలాల మొత్తం 24/4, అంటే 6, మధ్య మూలం 2, దాంతో భాగిస్తే 4x² − 16x − 9 = 0, అక్కణ్ణించి 9/2, −1/2. వాడు చేసిందేంటంటే ప్రశ్నని ఆన్సర్ షీట్లోకి దించేటప్పుడు 23x ని 28x అని రాసుకున్నాడు. మధ్య మూలం 2 అని సరిగ్గానే వచ్చింది, సమీకరణంలో పెట్టి చూస్తే సున్నా రావాల్సింది 10 వచ్చింది. అక్కడ ఆగి ఒక్కసారి ప్రశ్న వైపు చూస్తే అర నిమిషంలో తేలిపోయేది. చూడలేదు, పద్ధతే తప్పేమోనని మొదటి నుంచి మళ్ళీ చేశాడు, మళ్ళీ 10. ఇరవై రెండు నిమిషాలు దానికే పోయాయి, ఆ తొందరలో చివర్లో మిగిలిన చిన్న ప్రశ్నలు కెలికేశాడు.

దీన్ని చదువు రాకపోవడం అనరు. అలసటని పట్టుకోవడానికి నాకు ఇంతకంటే మంచి కొలత దొరకలేదు: పెద్ద ప్రశ్నలు దాదాపు అలాగే ఉండి ఎ సెక్షన్ మార్కులు పడిపోతున్నాయంటే, ప్రశ్న దించుకోవడంలో తప్పులు వస్తున్నాయంటే, ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదవాల్సి వస్తోందంటే, పిల్లవాడికి ఇంకో పేపర్ ఇవ్వకూడదు. అదే నిజంగా పాఠం రాకపోతే మార్కులు పోయే తీరు వేరేగా ఉంటుంది, ఒక చాప్టర్ ప్రశ్నలన్నీ కట్టగట్టుకుని పోతాయి, ప్రాబబిలిటీలో చిన్నదీ పెద్దదీ రెండూ పోతాయి, మిగతావి బాగుంటాయి. మొదటిదానికి మందు నిద్ర, రెండోదానికి ఆ చాప్టర్. రెండింటికీ కలిపి ఇంకో ఫుల్ పేపరే మందు అనుకోవడమే నేను చేసిన తప్పు.

మరి రెండేసి రోజులు ఒకే సబ్జెక్టు?

మా అక్క ఫోన్లో అన్నది ఇదే. "ఒక్కోటీ తేల్చి పక్కన పెట్టించరా, అన్నీ ఒకేసారి కెలికితే వాడి బుర్ర వేడెక్కిపోద్ది." వినడానికి బాగుంటుంది, అలసట కూడా నిజంగానే తక్కువ, ఒకే సబ్జెక్టులో ఉంటే మనసు అటూ ఇటూ మారే శ్రమ ఉండదు. చిక్కు తేదీల దగ్గర వస్తుంది. ఎనిమిది రోజుల్లో 2ఎ, 2బి, ఫిజిక్స్, కెమిస్ట్రీ అని పరీక్ష వరసలోనే రెండేసి రోజులు వేసుకుంటే 2ఎ చివరిసారి ముట్టుకునేది 6వ తేదీ, పరీక్ష 14న. ఎనిమిది రోజుల ఎడం. పోనీ తలకిందులుగా వేద్దాం, కెమిస్ట్రీతో మొదలెట్టి 2ఎతో ముగిద్దాం అంటే 2ఎ తాజాగా ఉంటుంది, కెమిస్ట్రీ మాత్రం 6న వదిలేస్తే 17న పరీక్ష, మధ్యలో పదకొండు రోజులు, తిరగేసుకోవడానికి మిగిలేది ఫిజిక్స్ రాసి వచ్చిన ఆ ఒక్క రాత్రి. కెమిస్ట్రీలో అదీ ఇనార్గానిక్‌లో పదకొండు రోజులంటే, మీకు తెలుసు.

ఒకటే సబ్జెక్టు పోయినవాళ్ళకి, లేదా పరీక్షకు ఇంకా నెల ఉన్నవాళ్ళకి ఈ దారి బాగానే పనిచేస్తుంది. నెల ఉంటే మొదటి చుట్టు ఇలా చేసి రెండో చుట్టు కలిపి చేసుకోవచ్చు. వారం మిగిలినప్పుడు, నాలుగు సబ్జెక్టులు వరసగా ఉన్నప్పుడు మాత్రం వద్దు.

ఇంకో మాట. ఒకే రకం లెక్కలు వరసబెట్టి చేస్తే ఆ పూట బాగా వచ్చేసినట్టే ఉంటుంది, ఎందుకంటే ఏ సూత్రం వాడాలో చూడక్కర్లేదు, పై లెక్కలో వాడిందే. రోరర్, టేలర్ అని ఇద్దరు 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఇదే తేలింది: రకాలు కలిపి ప్రాక్టీస్ చేసినవాళ్ళకి ప్రాక్టీసులో తక్కువ వచ్చింది, వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం వాళ్ళకే ఎక్కువ వచ్చింది. పాత పేపర్ కలిపి ఇచ్చినప్పుడు మార్కు తగ్గగానే దారి మార్చేయకండి అని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. తగ్గడం ఎక్కడ తగ్గిందో చూడాలి, పైన చెప్పినట్టు.

చివరికి ఏం చేశాం

7వ తేదీ మధ్యాహ్నం పుస్తకం ముట్టనివ్వలేదు. అన్నం, చేపల పులుసు, నిద్ర, సాయంత్రం పెన్న బ్రిడ్జి దాకా బండి మీద తిప్పుకొచ్చా. గోడ మీది కాగితం చించేశాడు, అదే వాడికి సగం రిలీఫ్.

8 నుంచి లెక్క మారింది. ఫుల్ పేపర్ లెక్కలకే, అదీ రోజు విడిచి రోజు, అదీ మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదున్నరే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాయొచ్చుగా అంటారు, కానీ వాడి అసలు పరీక్ష రెండున్నరకి. అన్నం తిన్న తర్వాత వచ్చే ఆ మత్తులో, వేడిలో మొదటి ఇరవై నిమిషాలు ఎలా గడుస్తాయో వాడికి తెలియాలి. తెలిసింది కూడా: కడుపునిండా తిని కూర్చుంటే ఎ సెక్షన్‌లో తప్పులు ఎక్కువ. దాంతో పన్నెండుకే కొంచెం పెరుగన్నం తిని, పరీక్షకి పోయేముందు మజ్జిగ తాగడం అని వాడే పెట్టుకున్నాడు. ఫస్టియర్ వాళ్ళకి ఇదే మాట తిరగేసి వర్తిస్తుంది, పరీక్ష తొమ్మిదికి కాబట్టి ఫుల్ పేపర్ తొమ్మిదికే రాయాలి.

ఫిజిక్స్, కెమిస్ట్రీ పొద్దున పూట ముక్కలుగా. ఇక్కడ ముక్క అంటే ఒక పేపర్లో సగం కాదు, నాలుగైదు పేపర్లలోంచి ఒకే సెక్షన్. ఉదాహరణకి ఫిజిక్స్ పెద్ద ప్రశ్నలు మూడే వస్తాయి, తరంగాల నుంచి ఒకటి, ప్రవాహ విద్యుత్ నుంచి ఒకటి, కేంద్రకాల నుంచి ఒకటి. ఐదేళ్ళ పేపర్లు పక్కపక్కన పెడితే ఎన్ని రకాలు తిరుగుతున్నాయో కంటికే కనబడుతుంది, డాప్లర్ ప్రభావం, ఆర్గన్ పైపులు, కిర్కాఫ్ నియమాలు, వీట్‌స్టోన్ బ్రిడ్జి, పొటెన్షియోమీటర్, న్యూక్లియర్ రియాక్టర్. మూడింటిలో రెండు రాస్తే చాలు. ఒక పొద్దున ఇవి మాత్రమే, చూడకుండా, ఒక్కోటి ఇరవై ఐదు నిమిషాలు, మూడు రాసి దిద్దుకున్నాడు. ఇంకో పొద్దున ఐదు పేపర్ల ఎ సెక్షన్లు, అంటే యాభై చిన్న ప్రశ్నలు, ఒకటి మూడు నిమిషాల కంటే మించకుండా, మధ్యలో పది నిమిషాలు లేచి. ఇలా చేస్తే ఒక్క పూటలో పుస్తకం మొత్తం ఒకసారి తిరిగినట్టవుతుంది, ఏ చాప్టర్ ఖాళీగా ఉందో తెలిసిపోతుంది.

ఫుల్ పేపర్ లేని రోజు మధ్యాహ్నం రెండున్నరకి లెక్కల్లో సి సెక్షన్ ఒక్కటే, ఐదు ప్రశ్నలు, ఎనభై నిమిషాలు, తర్వాత దిద్దుకోవడం, ఆపైన ఏమీ లేదు. సాయంత్రం ఏడు తర్వాత పెన్ను పట్టడం నిషేధం. కెమిస్ట్రీ చిన్న ప్రశ్నలు మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంటే నోటితో చెప్పేవాడు, ఆవిడ బీకాం అయినా గైడు చూసి తప్పులు బాగానే పట్టేది.

అట్లా 8న 2ఎ ఫుల్ పేపర్, 49 వచ్చింది, కానీ ఎ సెక్షన్ మళ్ళీ 18కి లేచింది, పోయినవి చాలావరకు ప్రాబబిలిటీ దగ్గర, అంటే ఇక అలసట కాదు, చాప్టర్. 9న ఫిజిక్స్ పెద్దవి పొద్దున, 2బి సి సెక్షన్ మధ్యాహ్నం. 10న 2బి ఫుల్ పేపర్, 58. 11న పొద్దున కెమిస్ట్రీ బి సెక్షన్లు, మధ్యాహ్నం 2ఎలో ప్రాబబిలిటీ, రాండమ్ వేరియబుల్స్ ప్రశ్నలు ఆరు పేపర్లలోవి ఏరి. 12న పొద్దున ఫిజిక్స్ చిన్నవి, సాయంత్రం కావలి బండెక్కాడు. మొత్తం ఎనిమిది రోజుల్లో ఫుల్ పేపర్లు ఏడు, పదహారు కాదు, అందులో కూడా ఉపయోగపడినవి చివరి రెండూ అనే అంటా.

కట్టలో అన్నిటికంటే కొత్త పేపర్ల జోలికి ముందే పోకండి. అవే చివరి ఫుల్ పేపర్లకి దాచుకోవాలి. ఇంకో జాగ్రత్త, 2025-26లో ఫస్టియర్‌లో చేరిన బ్యాచ్ నుంచి పద్ధతి మారింది, 1ఎ, 1బి కలిసి ఒకటే మ్యాథ్స్ పేపర్ అయింది. ఆ పిల్లలు పాత 75 మార్కుల పేపర్ని మొత్తంగా రాస్తే టైం అంచనా తప్పుతుంది. ప్రశ్నల కోసం వాడుకోండి, గడియారం పెట్టుకుని రాసేది మాత్రం కొత్త పద్ధతి మోడల్ పేపరే అయ్యుండాలి.

పరీక్షలు నడిచే నాలుగు రోజుల్లో

ఐదున్నరకి పరీక్ష అయి ఇంటికి చేరేసరికి ఆరుంబావు. మర్నాడు రెండున్నరకి ఇంకోటి. మధ్యలో ఇరవై గంటలున్నట్టు కనిపిస్తుంది, నిద్ర, స్నానం, తిండి, ప్రయాణం తీసేస్తే ఎనిమిది చేతికొస్తే గొప్ప. అందులో రేపటి సబ్జెక్టు ఫుల్ పేపర్ ఒకటి రాయాలా వద్దా అన్నది ప్రతి ఇంట్లో తగువే.

రాత్రి రాయడం గురించి ఎక్కువ చెప్పను, అప్పటికే మూడు గంటలు రాసిన చెయ్యి అది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా రాస్తే ఎలా అంటే, బానే ఉంటుందనిపిస్తుంది, కానీ రోజుకు ఆరు గంటలు రాత, దిద్దుకునే టైం లేదు, అందులో ఒక పెద్ద ప్రశ్న రాకపోతే ఆ భయం వెంటబెట్టుకుని సెంటర్‌కి పోవడం. నేను రెండూ వద్దంటా. దాని బదులు కొత్తదొక పాత పేపర్ తీసుకుని జవాబు ఎముకలు మాత్రం వెయ్యాలి. ప్రతి పెద్ద ప్రశ్నకీ మొదటి రెండు మూడు లైన్లు, పద్ధతి తేలిపోయే చోటు వరకు, అక్కడ ఆపెయ్యడం. 2బిలో ∫ dx/(5 + 4cos x) వచ్చిందనుకోండి. t = tan(x/2) అని రాయాలి, cos x బదులు (1 − t²)/(1 + t²), dx బదులు 2dt/(1 + t²) పెట్టాలి, సర్దితే ∫ 2dt/(9 + t²) వస్తుంది. అక్కడ పెన్ను ఎత్తెయ్యాలి. మిగతాది చెయ్యి దానంతటదే చేస్తుంది, మార్కు పోయేదల్లా ఆ మొదటి లైన్ తట్టకపోతేనే. ఇట్లా ఒక పేపర్ మొత్తం నలభై, యాభై నిమిషాల్లో అయిపోతుంది.

ఫిజిక్స్‌కి ఎముకలంటే బొమ్మలు. రియాక్టర్ బొమ్మ వేసి ఇంధనం, మోడరేటర్, కంట్రోల్ రాడ్లు, కూలెంట్, షీల్డింగ్ పేర్లు పెట్టడం, వీట్‌స్టోన్ బ్రిడ్జి సర్క్యూట్ వేసి కరెంటు బాణాలు గుర్తించడం. కెమిస్ట్రీకి సమీకరణాలు, షరతులు. హేబర్ పద్ధతి అంటే సమీకరణం, 200 అట్మాస్ఫియర్లు, 700 కెల్విన్ చుట్టుపక్కల, ఐరన్ ఆక్సైడ్ ఉత్ప్రేరకం, ఇంతే, వాక్యాలు వద్దు.

ఫస్టియర్ వాళ్ళకి పరీక్ష పన్నెండుకే అయిపోతుంది కాబట్టి నిద్రపోయి లేచాక నాలుగు నుంచి ఒక సెక్షన్ గడియారం పెట్టుకుని రాసుకునే వీలుంది, ఎముకలు రాత్రికి వేసుకోవచ్చు. ఫస్టియర్ బ్యాక్‌లాగ్ పొద్దున, సెకండియర్ మధ్యాహ్నం, రెండూ రాసేవాళ్ళు ఆ వారంలో పాత పేపర్ల ఊసే ఎత్తకూడదు. పన్నెండు నుంచి రెండున్నర మధ్య చెట్టు కింద కూర్చుని వాళ్ళు తిరగేయాల్సింది సొంతంగా రాసుకున్న తప్పుల కాగితం ఒక్కటే.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మావాడి ఫోను. ఫిజిక్స్ బాగా రాశానన్నాడు, గొంతులో ఉషారు. "మామా, రేపు కెమిస్ట్రీ, ఇంకా మూడు పేపర్లు మిగిలిపోయాయి కట్టలో, పొద్దున ఒక ఫుల్ పేపర్ ఏసెయ్‌నా?" అన్నాడు. ఇంతసేపు ఏం చెప్పాన్రా నీకు అనబోయి ఆగా. ఎ సెక్షన్లు మూడూ నోటితో మీ అమ్మకి చెప్పు, పెద్దవాటికి సమీకరణాలు రాసుకో, తొమ్మిదిన్నరకి పడుకో అన్నా. వెనక నుంచి మా అక్క, "నేనా? నాకేం తెలుసు ఎస్ఎన్1, ఎస్ఎన్2" అంటోంది. గైడు చేతిలో పెట్టుకుంటే చాలక్కా, వాడు చెప్పింది అందులో ఉందో లేదో చూడు అన్నా. మూడింటిలో రెండు పూర్తి చేసి, మూడోదాని మధ్యలో వాడు నిద్రపోయాడట.